అర్ధరాత్రి పురోహితుడు : ఒక అముద్రిత కథానికా పరిశీలనము

ఈ వ్యాసమునకు ఆధారమైన కథానిక ఇంకను అచ్చు కాలేదు. పరిశోధక విద్యార్థులలో వ్రాతప్రతిగా చేతులు మారుచున్నది. రచయిత తన పేరు ప్రకటింపవలదని కోరినందున ఆ పేరును, దానితో పాటు కథకు ఆయన పెట్టిన పేరును విడిచినాము. మిగిలిన విషయములలో కథను ఉన్నదున్నట్లు గైకొని పరిశీలించితిమి. చదివినవారిలో కొందరు దీనిని దయాగుణమును వర్ణించు కథగా మెచ్చుకొనిరి. మరికొందరు అందుకొరకే దీనిని కాదనిరి. ఈ రెండు అభిప్రాయములును కథకు న్యాయము చేయలేదని మా తలంపు. ఈ కథలోని ప్రశ్న డ్రైవరు మంచివాడా కాడా యనునది కాదు. ఊరు లేనివాని శవమునకు ఊరు ఎవరిత్తురు అనునది.

కథాసంగ్రహము మొదట చెప్పవలసి యున్నది. కర్నూలు నుండి నంద్యాల, ఆళ్లగడ్డ, చాగలమర్రి, దువ్వూరు, మైదుకూరుల మీదుగా కడపకు పోవు రహదారిపై ఒక వేసవి రాత్రి జరిగిన కథ ఇది. అహోబిలము చూచుకొని తిరుపతికి పోవుచున్న ఒక కుటుంబము బాడుగకు మాట్లాడుకొన్న జీపు చాగలమర్రి దాటిన పిదప చెడిపోవును. దానిని నడపువాడు మెకానిక్కును తెచ్చెదనని పోయి మరల రాడు. జీపులోనున్నవారు ముసలి దంపతులు, నడివయస్సు కొడుకు, కోడలు, పదేండ్ల మనుమరాలు. రాత్రి తొమ్మిది గంటల వేళ ముసలాయన గుండెనొప్పితో ప్రాణము విడుచును. లారీలు ఆగవు. కర్నూలులో బాడుగ దింపి కడపకు ఖాళీగా తిరిగివచ్చుచున్న ఒక అంబాసిడరు టాక్సీ ఆగును. డ్రైవరు దూదేకుల కులమువాడు. అతడు శవమును, శవము వెంట నున్నవారిని ఎక్కించుకొని, ఆ రాత్రి మూడు ఇండ్ల తలుపులు తట్టును. మూడవ తలుపు తెరచుకొనును. తెల్లవారిన పిదప ఆ మూడవ ఊరి పొలిమేరలో ముసలాయనకు మట్టి దక్కును.

కథాకాలమును రచయిత చెప్పలేదు గాని కనుగొనుట కష్టము కాదు. డ్రైవరు రోడ్డును పాత సంఖ్యతో, అనగా పదునెనిమిదవ నంబరు రోడ్డని పేర్కొనును. 2010లో జాతీయ రహదారులకు కొత్త సంఖ్యలు వచ్చినప్పుడు అది నలువదవ నంబరైనది. చాగలమర్రి దాటగానే కర్నూలు జిల్లా ముగిసి కడప జిల్లా మొదలగునని కథలో కలదు; 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా ఏర్పడిన పిదప ఆ సరిహద్దు నంద్యాల, కడప జిల్లాల నడుమ సరిహద్దయినది. ఎవరి చేతిలోను ఫోను లేదు. అంతకంటె ముఖ్యమైన ఆధారము మరియొకటి కలదు. ఈ కుటుంబపు స్వగ్రామము కృష్ణ ఒడ్డున నుండి శ్రీశైలము జలాశయములో మునిగినది. 1980 ప్రాంతమున కర్నూలు, మహబూబునగరు జిల్లాలలో ఎన్నియో గ్రామములు అట్లు మునిగినవి. పరిహారపు సొమ్ముతో హైదరాబాదు చేరి అద్దె యింట కాపురముండు కుటుంబమిది. కావున కథాకాలము ఆ ముంపునకు కొన్నియేండ్ల తరువాతిది.

ఈ ముంపు సంగతి కథలో ఒకటే వాక్యములో వచ్చును. దానిని గమనింపక చదివినవారికి కథ యంతయు నమ్మదగనిదిగా తోచుట సహజము. మాకు మొదట వినవచ్చిన ఆక్షేపణ అట్టిదే. పొద్దుగుంకిన పిదప దహనము గాని ఖననము గాని సాధారణముగా చేయరు గదా, అట్టియెడ పురోహితుని కొరకు నడిరేయి తలుపులు తట్టుట యెందుకు, తెల్లవారిన తరువాత వెదకిన చాలదా యని ఒక పరిశోధకుడు అడిగినాడు. కారును తిప్పి శవమును స్వగ్రామమునకు కొనిపోవచ్చును గదా యని మరియొకరు అన్నారు. స్వగ్రామము నీటి క్రింద నున్నది. అద్దె యింటికి శవమును తెచ్చుటకు ఇంటి యజమానులు సాధారణముగా ఒప్పుకొనరు. ఈ కథలోని కోడలు ఆ మాటను బయటకు అనలేక భర్త ముఖము చూచి ఊరకుండును. ఇక మిగిలినది దారిలోని ఊళ్లు. ఊరి వెలుపల మరణించినవాని శవమును పొలిమేర దాటించి లోనికి తెచ్చుట ఏ ఊరును ఇష్టపడదు. శ్మశానభూమియైనను ఎల్లరిది కాదు. ఏ కులమువారి గుంతలు ఎక్కడ అన్నది పూర్వము నుండి నిర్ణయమై యుండును. అపరిచితుని కొరకు అందులో ఆరడుగుల చోటు అడుగువారు ఎవరు? ఆ ఊరిలో చావులకు నడచు మనిషి, ఈ శవము నా పూచీ యని ముందు నిలిచిన నాడే గుంత త్రవ్వువారు గడ్డపార పట్టుదురు. అనగా ఈ కథలో పురోహితుని వెదకుట మంత్రము కొరకు కాదు, చోటు కొరకు.

నడిరేయికి రెండవ కారణము శవములోనే యున్నది. ప్రాణము పోయిన రెండు మూడు గంటలకు దవడ, మెడ బిగియుట మొదలై క్రమముగా చేతులకు, కాళ్లకు ప్రాకి, పండ్రెండు గంటలు గడచుసరికి దేహమంతయు కొయ్యబారును. వేసవి వేడిలో ఇది ఇంకను త్వరగా జరుగును. టాక్సీ వెనుక సీటులో ముసలాయనను భార్యకును కొడుకునకును నడుమ కూర్చుండబెట్టినారు. అట్లే తెల్లవారనిచ్చినచో దేహము కూర్చున్న భంగిమలోనే బిగిసి, పాడెపై పరుండబెట్టుటకు రాదు. పది దాటిన వేళ డ్రైవరు కారు ఆపి, అందరిని దిగుమని, శవమును సీటుపై చాచి, తన తువ్వాలు అంచు చించి కాలి బొటనవ్రేళ్లు రెండును జోడించి కట్టును; మిగిలిన తువ్వాలుతో గడ్డము క్రింది నుండి తలపైకి ముడి వేయును. తరువాత కొడుకు ముందు సీటునకు మారును, ముసలామె వెనుక కాళ్లుంచు చోట క్రింద కూర్చుండును. ఈ ఘట్టములో రచయిత ఒక్క విశేషణము వాడలేదు. ఎందుకు కట్టినాడో కొడుకునకు తెలియదు, అడుగడు. ముసలామెకు తెలియును, కావున ఆమెయు మాటాడదు. కథలో మాకు మిక్కిలి నచ్చిన పుట ఇదే. వైద్యశాస్త్రము చెప్పు విషయమును ఆచారము ఎన్నడో గ్రహించి దానికొక ముడి వేసియుంచినది. రచయిత ఆ ముడిని మాత్రమే చూపి ఊరకున్నాడు.

ఇక మూడు తలుపుల సంగతి. పురోహితుడు అను మాట ఒక్కటే యైనను ఆ వృత్తి ఒక్కటి కాదు. నగరమున పెరిగిన కొడుకునకు ఈ భేదము తెలియదు. అయ్యవారెవరైనను చాలునని అతడు తొందరపెట్టగా డ్రైవరు మొదట రోడ్డు ప్రక్క ఆంజనేయస్వామి గుడి అర్చకుని యింటికి కారు పోనిచ్చును. అర్చకుడు తలుపు తీయును గాని గడప దాటడు. తెల్లవారుజామున గుడి తెరవవలసినవాడు ఆయనయే. శవసంస్కారమునకు పోయినచో ఆ మైలతో గుడిలో అడుగుపెట్టరాదు, బదులు నిలుచువారు లేరు. రెండవ తలుపు పెండ్లిండ్లు, గృహప్రవేశములు చేయించు పురోహితునిది. బ్రాహ్మణులలోనే శుభకార్యములు చేయించువారు వేరు, అపరకర్మలు చేయించువారు వేరు. అపరమునకు పోవునని పేరుపడినవానిని శుభమునకు పిలుచుటకు జనులు జంకుదురు. అది ఆయన బ్రతుకుతెరువు సమస్య. ఆయన తలుపు తీయక కిటికీ నుండియే మరణించిన వేళ అడిగి, పంచాంగము చూచి, తిథి చెప్పి పంపును.

ఈ ఇద్దరిని రచయిత క్రూరులుగా చిత్రింపకపోవుట గమనింపదగినది. సంస్కరణవాద కథలు అనేకములు చదివిన మనకు ఇట్టి చోట ఒక దుష్టపాత్ర ఎదురగునని అలవాటు చొప్పున ఆశ కలుగును. ఇక్కడ తలుపులు మూసినది వ్యక్తుల కాఠిన్యము కాదు, పనుల విభజనము. ఇద్దరును తమ పనికి అడ్డు వచ్చిన పనిని మాత్రమే నిరాకరించిరి. పైగా రెండవ ఆయన కిటికీ నుండి చెప్పిన తిథి నిజముగా ఆ కుటుంబమునకు కావలసినదే. ఏటేట పెట్టవలసిన తద్దినమునకు అదియే ఆధారము.

తిథి విషయమున ఒక చిక్కు కలదు. పండ్రెండు దాటినచో తేదీ మారిపోవునని, తండ్రి పోయిన దినము ఏదియో తెలియకపోవునని కొడుకు పలుమారు గడియారము చూచుకొనును. ఇది రచయిత పొరపాటని మేము మొదట అనుకొంటిమి. అర్ధరాత్రికి తేదీ మారుట గడియారపు లెక్క. మన పంచాంగమునకు దినము సూర్యోదయముతో మొదలగును, తిథి దాని వేళకు అది మారును, మరణకాలమున నున్న తిథియే గ్రాహ్యము. రెండవమారు చదివినప్పుడు ఇది పాత్ర యొక్క పొరపాటే గాని రచయితది కాదని తెలిసినది. కొడుకు గడియారము చూచిన ప్రతిసారి ముసలామె కారు కిటికీ నుండి చంద్రుడు ఎంత ఎత్తునకు వచ్చినాడో చూచును. ఆ ఇద్దరి నడుమ ముంపుతో పోయిన ఊరు ఎంత దూరమున నున్నదో ఇక్కడ తెలియును.

రెండవ తలుపు మూసికొన్న పిదప కొడుకు ఏమియు చేయలేక కూలబడినప్పుడు డ్రైవరు అతనిని విడిచి ముసలామె వైపు తిరిగి అడుగును: "అమ్మా, మీ ఇంటికి ఏ సామి వస్తాండె? నామమా, విబూదా?" కథకు ఇదియే కేంద్రమని మా అభిప్రాయము. ఈ ప్రశ్న పుట్టుటకు రాయలసీమ పల్లెల సంగతి తెలియవలెను. ఇక్కడి బ్రాహ్మణేతర కులములలో నామము పెట్టు ఇండ్లకు సాతాని గాని దాసరి గాని వచ్చి చావు, దినములు నడపును. విభూతి పెట్టు ఇండ్లకు జంగమయ్య వచ్చును. సాతానులను చాత్తాద శ్రీవైష్ణవులందురు. చాత్తాద యనగా ధరింపని, అనగా జందెము లేని అని అర్థము చెప్పుదురు. దాసరి శంఖము, జేగంట పట్టి శవము ముందు నడచును. వీరెవరును కొడుకు మనస్సులోని అయ్యవారు కారు. ముసలామె అప్పటివరకు మూగగా నున్నది, "సాతానయ్య" అని ఒక్క మాట చెప్పును. ఆ మాటతో డ్రైవరునకు దారి తెలిసిపోవును. అతడు రోడ్డు దిగి, మట్టిబాటపై కారును ఒక ఊరికి పోనిచ్చును; ఆ ఊరిలో సాతాని యిల్లు ఉన్నదని పెండ్లి బాడుగలకు పోయినప్పుడు చూచియుండెను.

డ్రైవరు చేసిన సాయము ఏది యని అడిగినచో, కారు ఆపుట యని పలువురు చెప్పుదురు. మేము ఈ ప్రశ్న అడుగుట అని చెప్పుదుము. దారిలో ఏ ఊరిలో ఎవరున్నారో, ఎవరికెవరు నడుచుకొందురో తెలిసియుండుట టాక్సీవానికి వృత్తి మూలమున అబ్బిన జ్ఞానము. దూదేకులవాడగుట వలన ఆ జ్ఞానము అతనికి మరింత సహజమైనది. తెలుగే ఇంటి మాటగా నుండి, ఇస్లామును పాటించుచు, చుట్టునున్న హిందూ కుటుంబముల ఆచారములను దగ్గరనుండి చూచిన కులమది. బ్రహ్మంగారి శిష్యుడు సిద్ధయ్య దూదేకులవాడని ప్రతీతి. మైదుకూరునకు ఎడమైన కందిమల్లాయపల్లెలోని బ్రహ్మంగారి మఠము ఈ రోడ్డునకు దూరము కాదు. రచయిత ఈ సంగతిని ఊరక విడువలేక, కారు అద్దము క్రింద బ్రహ్మంగారి, సిద్ధయ్యల పటము వ్రేలాడదీసినాడు. ఈ పటము అనవసరము. పాఠకునకు చెప్పక చెప్పిన దానిని పటము కట్టి చూపినట్లయినది. అచ్చునకు ముందు దానిని తీసివేయుట మేలు.

సాతానయ్య పాత్ర చిన్నది. కన్నులు మసకబారిన ముసలివాడు. కొడుకులు వలస పోయిరి. చావులకు పోవుట మానివేసి కొన్నియేండ్లైనది. లేచి దీపము పట్టుకొని కారు దగ్గరకు వచ్చి శవము నుదుటిపై నామము చూచి, ఎవరివాడని అడుగును గాని ఏ ఊరివాడని అడుగడు. మునిగిపోయిన ఊరి పేరు ముసలామె తానే చెప్పును. ఆ పేరు విన్నంతనే ఆయన ఆ ఊరి సాతాని పేరు తలచును, ఇద్దరును బంధువులు. ఇక్కడ కాకతాళీయము మిక్కిలియైనదని ఆక్షేపింపవచ్చును. అయితే సాతానుల ఇండ్లు ఊరికొకటి రెండు మాత్రమే యుండును, సంబంధములు కలుపుకొనుటకు దూరపు ఊళ్లకు పోవలసినదే. కావున ఈ చుట్టరికము కథ కొరకు పుట్టించినది కాదు, ఆ వృత్తిస్థితి నుండి పుట్టినదే. ఆ చీకటిలోనే ఆయన గుంత త్రవ్వువారి యిండ్లకు పోవును. వేసవిలో నల్లరేగడి ఇనుమువలె గట్టిపడియుండును. పొద్దెక్కిన తరువాత చెప్పినచో వారు కూలికి పోయియుందురు. శంఖము ఊదుటకు ఆయనకు ఊపిరి చాలదు. జేగంట మాత్రము పట్టుకొనును.

దింపుడుకళ్లము ఘట్టమును గూర్చి రెండు మాటలు. పాడెను శ్మశానమునకు కొనిపోవునప్పుడు నడుమ ఒకచోట దింపి, శవము చెవిలో మూడుమారులు పేరు పెట్టి పిలుచుట మన ఆచారము. దింపుడుకళ్లపు ఆశ యను పలుకుబడి దానినుండియే వచ్చినది. ఈ కథలో ఊరేగింపు లేదు, ఇంటినుండి బయలుదేరుట లేదు, పాడె అప్పటికప్పుడు కట్టినది. పొలిమేర రాతి దగ్గర డ్రైవరు తానుగా కారు నిలిపి, ఇంజను ఆపి, దిగి దూరముగా పోయి నిలుచును. ఎందుకు ఆగినదో కొడుకునకు మరల తెలియదు. ఈమారు ముసలామె చెప్పును. కొడుకు తండ్రిని పేరుతో పిలువవలెను. పుట్టినది మొదలు ఎన్నడును ఆ పేరు నోట పలికి యెరుగడు, గొంతు పెగలదు. తుదకు మనుమరాలు నిద్రలేచి తాతను "అబ్బా" యని పిలుచును. హైదరాబాదులో పెరిగిన పిల్ల తాతను అబ్బ యని, అవ్వను జేజి యని పిలుచుట సీమ ఇండ్లలో నేటికిని విందుము. ఊరు పోయినను పిలుపు పోలేదు. రచయిత ఈ పిలుపుతో ఆ భాగము ముగించెను. మరియొక వాక్యము వ్రాసియున్నచో చెడిపోయెడిది.

ఈ వస్తువునకు సమీపముగా నున్న రచనలు లేకపోలేదు. చెహోవ్ 1886లో వ్రాసిన 'తోస్కా' అను కథలో కొడుకు చనిపోయిన బండివాడు అయోనా తన దుఃఖము ఎక్కినవారికి చెప్పుకొనబోవును, ఎవరును వినరు, తుదకు గుఱ్ఱమునకు చెప్పుకొనును. అక్కడ దుఃఖము బండివానిది, చెవిటితనము ప్రయాణికులది. ఇక్కడ దుఃఖము ప్రయాణికులది, వినువాడు బండివాడు. ఈ తారుమారు వలన ఒక కష్టము వచ్చినది. వినువాడు కథానాయకుడైనప్పుడు అతనికి తనదైన కొరత యేదియు లేకున్నచో అతడు మనిషిగా గాక సద్గుణముగా మిగులును. తిలక్ వ్రాసిన 'నల్లజర్ల రోడ్డు'లో అడవిదారిలో కారు ఆగిపోవుట, రాత్రి, పాముకాటు, గుడిసెలోని సిద్ధయ్య సాయము కలవు. అచ్చట మన దృష్టి సాయము చేసినవానిపై కంటె పొందినవారి అల్పత్వముపై నిలుచును, అందువలన ఆ కథ ఈ ప్రమాదము నుండి తప్పించుకొన్నది.

మరింత దగ్గరిది కన్నడములో 1965లో వెలువడిన అనంతమూర్తి నవల 'సంస్కార'. అగ్రహారములో నారణప్ప శవము పడియుండగా సంస్కారము ఎవరు చేయవలెనని బ్రాహ్మణులు తర్కించుచుందురు. శాస్త్రములు వెదకిన ప్రాణేశాచార్యులకు జవాబు దొరకదు. చివరకు చంద్రి రాత్రివేళ చేపల వర్తకుడైన అహమద్ బ్యారి సాయము పొంది, అతని బండిపై శవమును కొనిపోయి కాల్పించును. అగ్రహారమునకు ఆ సంగతి తెలియదు. రాత్రి, బండి, ముసల్మాను, దిక్కులేని శవము అన్నియు ఇందులోను కలవు. అయితే బ్యారి చేసినది సంస్కారమును దాటిపోవుట. మన డ్రైవరు చేసినది సంస్కారమును వెదకిపెట్టుట. నవలాకారునకు ఆచారము కూలిపోవుట వస్తువు. ఈ కథకునకు, ఊరు కూలినవానికి ఆచారమొక్కటే ఊరగుట వస్తువు. దేనిని గొప్పదనుట కాదు. నవలకు ఈ కథ అనుకరణము కాదని చెప్పుటకు ఇంత వ్రాసితిమి, ఏలననగా చదివినవారిలో ఒకరు అట్లు అనిరి.

దోషములు కలవు. మొదటిది భూవర్ణనము. చాగలమర్రి, మైదుకూరుల నడుమ రోడ్డుకిరువైపుల ఎర్రరాతి గుట్టలు, గులకరాళ్ల చేలు, ఒక్క చెట్టును లేని బయలు అని వర్ణించినాడు. కరవుసీమ యనగానే కలమునకు వచ్చు వాక్యములివి. ఆ రోడ్డు ప్రక్క పొలములలో చాలభాగము కర్నూలు-కడప కాలువ క్రిందివి. ఆ కాలువ 1860ల నాటిది. వేసవిలో అచ్చట కనబడవలసినవి కోసిన వరిమళ్ల కొయ్యకాళ్లు, ఎండిన కాలువ గట్టు, బీటలువారిన నల్లరేగడి. ఎర్రనేల, గులకరాళ్లు కావలెనన్న పత్తికొండ వైపో, పులివెందుల వైపో పోవలెను. విచిత్రమేమనగా రచయితయే గుంత త్రవ్వు ఘట్టములో నల్లరేగడి యని సరిగా వ్రాసినాడు. కన్నుతో చూచినచోట సరిగా నున్నది, విన్నచోట తప్పినది. కాలువ కలదని వ్రాసినచో కథకు నష్టము లేదు సరికదా, నీటిలో ఊరు పోగొట్టుకొన్న ముసలామె నీరు లేని కాలువను దాటునప్పుడు ఏమి చూచునో వ్రాయుటకు అవకాశముండెడిది.

రెండవది ముగింపు. గుంతలో మన్ను వేయునప్పుడు డ్రైవరు దూరముగా నిలుచును. ముసలామె పిలువగా వచ్చి మూడు పిడికిళ్ల మన్ను వేయును. మూడు పిడికిళ్లు అతని ఇంటి ఆచారము. అక్కడివారెవరును దానిని తప్పుపట్టరు, గమనింపను కూడ గమనింపరు. కథ ఇక్కడ నిలిచిన బాగుండెడిది. కాని రచయిత ఇంకొక పుట వ్రాసినాడు. కొడుకు బాడుగ ఇవ్వబోగా డ్రైవరు చేతులు జోడించి, మనుషులమందరమొక్కటే యని ఒక చిన్న ఉపన్యాసము చేసి, డబ్బు ముట్టక వెళ్లిపోవును.

ఇది అసత్యము. రచయిత తానే కథ మొదట ఈ డ్రైవరునకు తెల్లవారి ఆరు గంటలకు కడపలో పెండ్లి బాడుగ ఉన్నదని వ్రాసియుండెను. శవమును మోసిన కారును పెండ్లికి ఎవరును పిలువరు. తెలిసినచో ఆ ముహూర్తములన్నియు పోవును. కారు లోపల కడుగవలెను, సీటు గుడ్డలు మార్చవలెను, టాక్సీ స్టాండులో తోటివారి మాటలు పడవలెను. ఆ రాత్రి అతడు నష్టపోయినది ఇది. ఈ నష్టము కథలో నున్నంతవరకు అతడు మనిషి. చివరి పుటలో రచయిత ఆ పెండ్లి బాడుగను పూర్తిగా మరచిపోయినాడు, అందువలన త్యాగము సులభమైపోయినది. కొరత లేని సాయకుడు సద్గుణముగా మిగులునని పైన చెప్పినది ఇందుకే. కేతు విశ్వనాథరెడ్డి వంటి కడప కథకులు పాత్రల చేత ఇట్టి ఉపన్యాసములు చేయింపకుండ, లెక్కలు మాత్రము చూపి విడిచిన పద్ధతి ఈ రచయితకు తెలియనిది కాదు.

ఇట్లు వ్రాయుటకు మాకు మరియొక ఆధారము కలదు. ఈ కథకు మునుపటి ప్రతి ఒకటి మేము చూచితిమి. అందులో బాడుగ మాట కొడుకు ఎత్తడు, అతనికి ఆ ధ్యాసయే లేదు. ముసలామె కొంగుముడి విప్పి నలిగిన నోట్లు డ్రైవరు చేతిలో పెట్టును. అతడు వాటిని ఆమె యెదుటనే లెక్కపెట్టి, డీసెలునకు పట్టినంత జేబులో వేసికొని, మిగిలినవి తిరిగి ఆమె చేతిలో పెట్టి, కారును కాలువ వంతెన దగ్గర కడుగుటకు పోవును. పెండ్లివారి మాట అతడు ఎత్తడు. తూర్పున తెల్లబారుచున్నదని మాత్రము రచయిత వ్రాసినాడు. లెక్కపెట్టుట మొరటుగా నున్నదని మిత్రులెవరో చెప్పగా ఆ పుటను తీసివేసినాడట. దానిని ఇంకను చింపివేయలేదని వినుచున్నాము.